గోడలో ఫ్లెక్సిబుల్ పైపు: ఎనిమిదేళ్ల తర్వాత తెలిసిన సంగతి

మా ఇల్లు చెన్నై తిరువాన్మియూరులో, సముద్రానికి కిలోమీటరు లోపే. 2015లో కట్టించాం. వైరింగుకి మూడు రకాల పైపులూ పడ్డాయి. గోడల్లో దాదాపు అంతా గట్టి పీవీసీ, మేడ మీద మోటారు లైనుకి జింకు పూత ఉన్న ఇనుప పైపు, అంటే జీఐ, పడగ్గదిలో స్తంభాన్ని చుట్టి వచ్చేచోట రెండు మీటర్లు ముడతల ఫ్లెక్సిబుల్ పైపు. ఆ రెండు మీటర్ల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అప్పట్లో మాత్రం సంతోషించాను. బెండ్లు కోసి అతికించే పని లేకుండా ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో దాన్ని తిప్పి తెచ్చేశాడు. మర్నాడు మేస్త్రి గాడి పూడ్చేశాడు.

2023 మే నెలలో ఆ గదికి ఏసీ పెట్టించాం. ఉన్న వైరు తీసి నాలుగు స్క్వేర్ ఎంఎం వైరు లాగమన్నారు. పాత వైరు చివర కొత్తది కట్టి లాగితే కొంత దూరం వచ్చి ఆగిపోయింది. ఇద్దరు కలిసి లాగారు, పాత వైరు తెగి చేతికొచ్చింది. బాక్సులోంచి, పైపులో వైరు లాగడానికి వాడే పొడవాటి స్టీలు స్ప్రింగు తోశారు. నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాడు, "సార్, లోపల ఏదో అడ్డం ఉంది, ముందుకి పోవట్లేదు" అన్నాడు. లోపలికి పోయినంత స్ప్రింగుకి గుర్తు పెట్టి బయటికి తీసి, టేపుతో కొలిస్తే రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. పైపు వెళ్లిన దారి వెంబడే అంత దూరం కొలిచి గోడ మీద పెన్సిలు గీత గీశాడు. సరిగ్గా అక్కడే ఉలి పెట్టాం.

పైపు పిప్పి చేసిన చెరకు ముక్కలా నలిగి ఉంది. గాడి పూడ్చేటప్పుడు మేస్త్రి రాతి చిప్సు కూరి తాపీతో అదిమితే ఆ పలుచటి పైపు ఆగలేదు. దానికి తోడు పీవీసీ పైపుతో కలిసేచోట కప్లర్ లేదు, టేపు చుట్టి వదిలేశారు. ఆ సందులోంచి సిమెంటు పాలు దిగి, పల్లంగా ఉన్న వంపులో చేరి రాయిలా గట్టిపడ్డాయి. పాత వైరు పూతకి దెబ్బ తగల్లేదు కాబట్టి ఎనిమిదేళ్లూ కరెంటు బాగానే వచ్చింది, మాకు అనుమానమే రాలేదు. పైపు నలగకపోయినా ఈ ముడతల్లో వైరు లాగడం కష్టమేనట. ప్రతి ముడతకీ వైరు రాసుకుంటుంది, స్ప్రింగు మొన తట్టుకుంటుంది.

అదంతా తవ్వి 25 ఎంఎం పీవీసీ వేయించాను. లోపల బెండింగు స్ప్రింగు పెట్టి మోకాలి మీద పైపుని మెల్లగా వంచారు. ఒకే పెద్ద వంపు, మధ్యలో ఒక బాక్సు. ఒక రోజు కూలి, ప్లాస్టరింగు, పెయింటింగు అన్నీ అయ్యాయి. పాత రంగులో కొత్త రంగు ఇంకా కలవలేదు. ఇల్లు కట్టేవాళ్లు ప్లాస్టరింగుకి ముందే, గాడి పూడ్చాక ఒకసారి, ప్రతి పైపులో స్ప్రింగు తోయించి చూడండి. ఆగితే అప్పుడే తీసి మార్చొచ్చు.

ఇక జీఐ. ఇది దెబ్బకి ఆగుతుంది, ఎలుక కొరకలేదు అని నేనే చాలామందికి చెప్పాను. మూడో వానాకాలంలో వర్షం పడ్డప్పుడల్లా, కరెంటు లీకయితే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోయేది. వెతికితే పైపు కోసినచోట అంచు అరగదీయలేదు, అది వైరు పూతని గీరేసింది. పైపుకి ఎర్తింగు ఉండబట్టి ఆర్‌సీసీబీ పడింది. ఎర్తింగు లేకుంటే ఆ పైపు ముట్టుకున్నవాళ్లకి షాకు కొట్టేది. పైగా ఉప్పుగాలికి ముందుగా పైపు చివర్ల బిగింపు కోసం కోసిన మరలు తుప్పు పట్టాయి, ఎందుకంటే మర కోసేటప్పుడు పైనున్న జింకు పూత పోతుంది. ఇప్పుడు ఏటా అక్కడ పెయింటు వేయిస్తున్నాను.

గోడ లోపల గట్టి పీవీసీకి ఒక్క ఫిర్యాదు లేదు. ఎండలో మాత్రం అదే మాట అనలేను. పడమటి పిట్టగోడ మీద వేసిన తెల్ల పైపు పసుపుపచ్చగా మారి పెళుసయింది, క్లాంపు దగ్గర వేలితో కొడితే పగిలింది. ఎండకి వేడెక్కితే మూడు మీటర్ల పైపు నాలుగైదు మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లబడితే మళ్లీ కుంచించుకుంటుంది. అలా అయ్యీ అయ్యీ రెండు కప్లర్లు ఊడొచ్చాయి.

ఫ్లెక్సిబుల్ పనికిరాదని అనను. మోటారు దగ్గర చివరి అరమీటరు, అదిరేచోట, కళ్ల ముందు ఉన్నంత వరకు అదే నయం. సముద్రం పక్కన లేనివాళ్లకి జీఐ నాకంటే ఎక్కువ కాలమే రావచ్చు. నేనుండేది సొంతింట్లో, మళ్లీ వైరు మార్చాల్సి వస్తుందని తెలుసు కాబట్టి గోడలో గట్టి పీవీసీయే వేయించుకుంటాను. మొన్న ఆ కుర్రాడే వచ్చి ఇంటర్నెట్ కేబుల్‌కి వేరే గదిలో ఖాళీగా ఉంచిన పీవీసీ పైపులో స్ప్రింగు తోశాడు. ఒక్క ఊపులో అవతలి బాక్సులో తేలింది.