నోటి పూతకు జెల్ మీద జెల్ కొంటున్నారా? ముందు రక్తపరీక్ష చేయించుకోండి

నోటి పూత వచ్చినప్పుడల్లా మందుల దుకాణంలో జెల్లూ, బి-కాంప్లెక్స్ బిళ్లలూ కొని సరిపెట్టుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. మా పెద్దమ్మ ఏడాదికి పైగా అలాగే కొన్నారు. దుకాణంలోని మనిషి ప్రతిసారీ "వేడి చేసిందమ్మా, మజ్జిగ తాగండి" అంటూ ఆ రెండే చేతిలో పెట్టేవాడు. ఇంకేం మందులు వాడుతున్నారని ఒక్కసారైనా అడగలేదు.

అడిగి ఉంటే విషయం బయటపడేది. ఆమె శాకాహారి. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. బి12 విటమిన్ మాంసం, చేపలు, గుడ్లు, పాల పదార్థాల నుంచే వస్తుంది. కూరగాయల్లో దాదాపు ఉండదు. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే, తిన్నదాంట్లోని ఆ కాస్త బి12 కూడా ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. ఏళ్ల తరబడి వాడే కొన్ని గ్యాస్ బిళ్లలతోనూ ఇదే ఇబ్బంది. పెద్దమ్మ నాలుక నున్నగా, ఎర్రగా తయారైంది. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైతే, అవి షుగర్ వల్లే అనుకున్నారు. చివరికి పంటి డాక్టరు నాలుక చూడగానే అనుమానించి హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్, ఇంకో బి విటమిన్ అయిన ఫోలేట్, బి12 పరీక్షలు రాశారు. బి12 బాగా పడిపోయింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక పూత క్రమంగా తగ్గింది. తిమ్మిర్లు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. నాకు కోపం తెప్పించేది ఆ ఆలస్యమే.

బి-కాంప్లెక్స్‌లో బి12 ఉంటుంది కదా అనవచ్చు. చాలా వాటిలో ఉండే మోతాదు ఇలాంటి లోటు పూడ్చడానికి చాలదు. పైగా వాటిలోని ఫోలిక్ యాసిడ్ బి12 లోటుతో వచ్చే రక్తహీనతను సరిచేసి, లోపల నరాలు దెబ్బతింటున్న సంగతిని కప్పిపుచ్చగలదు. పరీక్షకు ముందే బిళ్లలు మింగితే ఫలితం కూడా తప్పుదారి పట్టించవచ్చు. ఇక జెల్ నొప్పి తగ్గిస్తుంది, స్టెరాయిడ్ ఉన్నదైతే పుండు కాస్త త్వరగా మానుతుంది. కానీ తర్వాతి పుండు రాకుండా ఆపలేదు.

అందరికీ పోషక లోపమే కారణం కాదు. నిద్రలేమి, ఆందోళన, బుగ్గ కొరుక్కోవడం వల్ల కూడా పూత వస్తుంది. కొందరికి టూత్‌పేస్టులో నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ పడదు. అది లేని పేస్టు వాడి చూడవచ్చు. ఎప్పుడూ ఒకే చోట వస్తుంటే అక్కడి పన్ను మొన తేలి గీసుకుంటోందేమో చూపించుకోండి.

మామూలు పూత చిన్నగా ఉండి, మండుతూ, వారం పది రోజుల్లో మానిపోతుంది. మూడు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేకుండా అంచులు గట్టిపడినది, తెల్ల లేదా ఎర్ర మచ్చతో కలిసినది, మెడలో గడ్డతో పాటు కనిపించినది జెల్‌తో నెట్టుకొచ్చేది కాదు. గుట్కా, ఖైనీ, పొగ అలవాటున్నవాళ్లయితే మరీ జాగ్రత్త. నేరుగా పంటి డాక్టరుకో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో చూపించి, క్యాన్సరేమో తేల్చడానికి పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలంటే వెంటనే ఒప్పుకోండి. పూతతో పాటు కళ్లు ఎర్రబడినా, జననాంగాల దగ్గర పుండ్లు వచ్చినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా ఆ సంగతి కూడా దాచకుండా డాక్టరుకు చెప్పండి.