48 వాయిదాలు కట్టాక నా ఆటో లోన్ గురించి

2022 జనవరిలో లోన్ తీసుకున్నాను. 2026 జనవరి 5న ఆఖరి వాయిదా కట్ అయింది. నాది విశాఖలో గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు లైను, షేర్ ఆటో, డీజిల్ బండి. ఫైనాన్స్ కంపెనీ పేరు రాయడం లేదు. నేను తిరిగిన మూడు చోట్లా వడ్డీ, చార్జీలు దాదాపు ఒకేలా ఉన్నాయి. నాలుగేళ్లు నన్ను నిలబెట్టిందీ, ఇబ్బంది పెట్టిందీ కంపెనీ కాదు, వాయిదా ఎంత పెట్టుకున్నాను అన్నదే.

అంతకు ముందు అద్దె బండి నడిపేవాణ్ణి, ఓనరుకి రోజుకి 350. షోరూములో సేల్స్ కుర్రాడు ఫోన్లో లెక్క కొట్టి చూపించాడు. "అన్నా, నెలకి 10,500 అద్దె పోస్తున్నావు. 60 వేలు కట్టు, మిగతా 2 లక్షల 20 వేలు లోన్. మూడేళ్లకి ఈఎంఐ 8,128. బండి నీదవుతుంది, పైన రెండు వేలు మిగులు." వింటే నిజమే అనిపించింది, సంతకం పెట్టేవాణ్ణే. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒకటే అడిగింది: "మొన్న జ్వరం వచ్చి నాలుగు రోజులు ఇంట్లో పడుకున్నారు, ఓనరుకి అద్దె ఇచ్చారా?"

ఇవ్వలేదు. బండి తీయని రోజు అద్దె లేదు. నేను నెలకి తిప్పేది 24 రోజులు, అంటే కట్టేది 8,400. టైరు పోయినా, ఇన్సూరెన్స్ కట్టాలన్నా, ఫిట్‌నెస్ చేయించాలన్నా అది ఓనరు తలనొప్పి. ఆ కుర్రాడి లెక్కలో ఇవేవీ లేవు. 30 రోజులూ బండి తిరుగుతుంది, ఏదీ పాడవదు, ఎవరికీ జ్వరం రాదు అనుకుని వేసిన లెక్క అది.

అదృష్టం ఏమిటంటే, 2021 వేసవి నుంచి నాకు నోట్‌బుక్ రాసే అలవాటు ఉంది. మంచి రోజు కలెక్షన్ 1,350. ఆయిల్ 380, టిఫిను టీలు 100 తీస్తే, అద్దె ఇవ్వకముందు చేతికి 870. సేల్స్ కుర్రాడు అడిగినప్పుడు నేను చెప్పింది ఆ 1,350. అందరం అదే చెబుతాం, పరువు కదా. నేను చూడాల్సింది మాత్రం ఆషాఢం నెల. పెళ్లిళ్లు లేవు, వాన, స్టాండులో బళ్లు బారులు. ఆ నెల 21 రోజులే తిప్పాను. అద్దె తీయకుండా సగటున రోజుకి చేతికి వచ్చింది 680. మొత్తం 14,280.

ఇంటి ఖర్చు అప్పట్లో 11 వేలు. మా ఆవిడ జాకెట్లు కుట్టి తెచ్చే మూడు వేలు పోను ఆటో మీద పడేది 8 వేలు. సొంత బండి అయితే ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు, ఫిట్‌నెస్ అన్నీ కలిపి ఏడాదికి 24 వేలు అవుతుందని స్టాండులో పాత డ్రైవర్లు చెప్పారు. అంటే నెలకి 2 వేలు పక్కన పెట్టాలి. ఇక మిగిలింది 4,280. అధ్వాన్నమైన నెలలో నేను నిజంగా కట్టగలిగేది అంత. వాళ్లు అడిగింది 8,128.

మంచి నెలల్లో 10 వేలు కట్టినా తట్టుకోగలను, అది నిజం. కానీ ఫైనాన్స్ వాడు సగటు చూసి ఆగడు, ఐదో తారీఖుకి అకౌంట్ చూస్తాడు. అక్కడ తగ్గిన 3,800 ఎక్కడ తెస్తాం? డైలీ ఫైనాన్స్ దగ్గర. చేతికి 8,500 ఇచ్చి రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. అది కడుతున్న వంద రోజులూ మంచి నెల కూడా చెడ్డ నెల అయిపోతుంది. మా స్టాండులో బండి గుంజుకుపోయిన ఇద్దరి కథా ఇదే. లోన్ వల్ల కాదు, లోన్ కట్టడానికి తీసుకున్న రెండో అప్పు వల్ల పోయింది.

అందుకని నాలుగు నెలలు ఆగాను. చీటీ పాడుకుని, 60 వేలకి ఇంకో 40 వేలు కలిపి లక్ష కట్టాను. లోన్ 1 లక్ష 80 వేలు, 11 శాతం ఫ్లాట్, నాలుగేళ్లు. వడ్డీ 79,200, వాయిదా 5,400. మూడేళ్లకి పెట్టుకుంటే 6,650 పడేది. ఏడాది పెంచినందుకు వడ్డీ 19,800 ఎక్కువైంది. తెలిసే కట్టాను. ఇప్పుడు అడిగినా అదే చేస్తాను, కాకపోతే లోన్ ఇంకో 20 వేలు తగ్గించి ఉంటే బాగుండేది. 4,280కి 5,400కి ఇంకా 1,100 తేడా ఉంది కదా. దానికోసం బండి తీసే ముందే రెండు వాయిదాల డబ్బు, 10,800, విడిగా ఒక అకౌంటులో వేసి ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

24 రోజులకి పంచితే 5,400 అంటే రోజుకి 225. నా లెక్కలో పొద్దున్న మొదటి రెండు ట్రిప్పులు ఫైనాన్స్ వాడివి, తర్వాత కొన్ని ఆయిల్‌వి, ఆ పైన వచ్చేదే నాది. అయినా ఏడో నెలలో ఒకసారి వాయిదా బౌన్స్ అయింది. డబ్బు ఉంది, డబ్బాలో ఉంది! అకౌంటులో 240 తక్కువ. కంపెనీ 590, బ్యాంకు 590, వెరసి 1,180. ఒకటిన్నర రోజు కష్టం. ఆ రోజు నుంచి ఏ రోజు 225 ఆ రాత్రే వాయిదా అకౌంటులోకి పంపేస్తున్నాను.

పెద్ద దెబ్బ చివర్లో తగిలింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం. మా లైనులో సగం పైగా పాసింజర్లు వాళ్లే. మా చెల్లెళ్లకీ అక్కలకీ మంచిదే, కాదనను, కానీ చేతికి వచ్చేది రోజుకి ఆరు వందలు దాటడం గగనమైంది. ఆ రెండు నెలలూ ముట్టుకోనన్న 10,800 కాస్త కాస్త తీశాను. అక్టోబరులో ఆటో డ్రైవర్లకి ప్రభుత్వం ఇచ్చిన 15 వేలు ఇన్సూరెన్సుకి, వాయిదాకి సరిపోయాయి. వాయిదా 8,128 అయి ఉంటే మూడేళ్లు తీరకముందే ఏదో ఒక చెడ్డ నెలలో బండి పోయేది, ఈ అక్టోబరు దాకా వచ్చేదే కాదు.

లోన్ మీద నా ఫిర్యాదు ఒక్కటే. 11 శాతం అన్నారు, కానీ ఫ్లాట్ అంటే తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ. నిజంగా మిగిలిన బాకీ మీద లెక్కేస్తే 19 శాతం పైన. పైగా ప్రాసెసింగు, లోన్ ఇన్సూరెన్సు అని ముందే కొంత కోసుకున్నారు. మా బావమరిది డెలివరీ చేస్తాడు, పోయిన ఏడాది బండి లోన్ తీసుకుంటుంటే నేనూ వెళ్లాను. 2024 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం సంతకానికి ముందే ఒక కాగితం ఇవ్వాలి. అందులో చార్జీలు కూడా కలిపిన ఏడాది వడ్డీ, ఏపీఆర్ అని ఉంటుంది. "బావా, వాళ్లు 10 అన్నారు, ఇక్కడ 20 ఉందేంటి" అన్నాడు. ఆ కాగితం పట్టుకుని ఇంకో చోటికి వెళితే ప్రాసెసింగు చార్జీ తగ్గింది.

ఆఖరి వాయిదా అయ్యాక, బాకీ లేదని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ కోసం మూడుసార్లు తిరిగాను. ఫారం 35 మీద కంపెనీ ముద్ర వేయించుకుని, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించడానికి ఇచ్చాను. కొత్త ఆర్‌సీ ఇంకా రాలేదు. ఇప్పుడు మొదటి రెండు ట్రిప్పుల 225 అదే అకౌంటుకి పోతోంది, వెనకాల టైర్లు మార్చాలి.