సీల్డ్ టెండరా, బహిరంగ వేలంపాటా: విలువ తెలియని చోట పాటదారుకు ఏది మేలు?

సముద్రగర్భంలో ఎంత చమురు ఉందో తవ్వితే తప్ప తెలియదు. తవ్వే హక్కును మాత్రం అంతకు ముందే వేలం వేస్తారు. ఆ చమురు ఎవరు తీసినా దాదాపు ఒకే విలువ చేస్తుంది కాబట్టి, పాటదారుల మధ్య తేడా అంతా అంచనాల్లోనే ఉంటుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో లీజులపై కంపెనీలు ఆశించినంత లాభం ఎందుకు రావడం లేదో వివరిస్తూ అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీ ఇంజనీర్లు కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ 1971లో ఒక వ్యాసం ప్రచురించారు. అంచనాలన్నీ సగటున సరైనవే అయినా, గెలిచేది సగటు అంచనా కాదనీ, అందరికన్నా ఎక్కువగా పైకి పొరబడినవారే గెలుస్తారనీ వారు చూపించారు. దీనికే విజేత శాపమని పేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బ్లాకు అసలు విలువ 100 మిలియన్ డాలర్లు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరి అంచనా అయినా అసలు విలువకు 30 మిలియన్లు అటూ ఇటూగా ఎక్కడైనా పడవచ్చని మాత్రం అందరికీ తెలుసు. ఐదు కంపెనీల అంచనాలు 76, 90, 100, 112, 122 అనుకుందాం. వీటి సగటు సరిగ్గా 100.

సీల్డ్ టెండరులో ప్రతి కంపెనీ తన అంచనానే ధరగా రాస్తే, 122 రాసినది గెలిచి 22 మిలియన్లు నష్టపోతుంది. పది శాతం లాభానికి వదిలిపెట్టి 110 రాసినా పది మిలియన్ల నష్టం తప్పదు. అసలు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ‘ఐదుగురిలో నా అంచనాయే అన్నిటికన్నా ఎక్కువని తేలితే, అప్పుడు ఈ బ్లాకు విలువ ఎంత?’ ఈ లెక్కలో ఐదు అంచనాల్లో పెద్దది అసలు విలువను సగటున 20 మిలియన్లు దాటుతుంది. అందుకు 20, లాభానికి మరో 10 తగ్గించి 92 రాసిన కంపెనీకి, మిగిలినవారూ అలాగే తగ్గించి రాసినప్పుడు, 8 మిలియన్లు మిగులుతాయి. పోటీదారులు ఇద్దరే అయితే 10 సవరిస్తే చాలు, పదకొండు మంది అయితే 25 సవరించాలి. పోటీ పెరిగిన కొద్దీ ధర పెంచాలని మనసు తొందరపెడుతుంది, కానీ లెక్క అంచనాను ఇంకా తగ్గించమంటుంది. సీల్డ్ టెండరులో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడేనని నా అభిప్రాయం.

బహిరంగ వేలంలో ఈ సవరణ భారం కొంత తగ్గుతుంది, ఎందుకంటే ఎవరు ఏ ధర దగ్గర విరమించుకున్నారో కళ్ల ముందే కనిపిస్తుంది. జాగ్రత్తపరుల మధ్య వేలం జరిగితే, మొదటి కంపెనీ 76 దగ్గర తప్పుకుంటుంది. మిగిలినవారికి అతి తక్కువ అంచనా ఏదో తెలిసిపోతుంది కనుక, దానికీ తమ అంచనాకూ నడిమి ధర దాకా మాత్రమే పాడతారు. 112 అంచనా ఉన్న కంపెనీ 94 దగ్గర ఆగిపోతుంది, 122 కంపెనీ ఆ ధరకే గెలిచి 6 మిలియన్లు మిగుల్చుకుంటుంది. సీల్డ్ టెండరులో మిగిలిన 8 కన్నా ఇది తక్కువే. పాటదారులు జాగ్రత్తగా లెక్క వేసుకునేవారైతే ఇలాంటి చోట బహిరంగ వేలమే సగటున అమ్మకందారుకు ఎక్కువ రాబడి ఇస్తుందని ఆర్థికవేత్తలు మిల్‌గ్రోమ్, వెబర్ 1982లో నిరూపించారు.

అయితే ఏ సవరణా చేయని పాటదారుల సంగతి చూడండి. తమ తమ అంచనాల దాకా పాడుతూ పోయినా, 112 దగ్గర రెండవ కంపెనీ ఆగిపోగానే వేలం ముగుస్తుంది, నష్టం 22కు బదులు 12 అవుతుంది. కాబట్టి అంచనాల్లో ఎంత తేడా రావచ్చో, పోటీలో ఎందరున్నారో తెలిసి లెక్క వేయగలవారికి సీల్డ్ టెండరు కాస్త లాభం. ఆ రెండూ తెలియనివారికి నేను బహిరంగ వేలమే మేలంటాను.

ఈ మేలుకు ఒక షరతు ఉంది: విరమణలు కనిపించాలి, అవి కొత్త సమాచారాన్ని మోసుకురావాలి. గడువు ముగిసే చివరి క్షణంలో అందరూ ధర వేసే ఆన్‌లైన్ వేలం పేరుకే బహిరంగం, పనితీరులో అది సీల్డ్ టెండరుకు దగ్గర. పోటీదారులందరూ ఒకే సర్వే నివేదికను నమ్ముకుని వచ్చినప్పుడు కూడా ఇదే చిక్కు: అందరి తప్పూ ఒకటే కనుక, ఎదుటివారు గట్టిగా పాడుతూ ఉన్నంత మాత్రాన మీ అంచనాకు కొత్త బలమేమీ చేకూరదు.