టెన్త్ తర్వాత అమ్మాయి ఫుట్‌బాల్: విజయవాడలోనే ఉంచాలా, క్లబ్బుకు పంపాలా?

దేశస్థాయి క్లబ్బుల పోటీ ఇండియన్ విమెన్స్ లీగ్ 2016–17లో మొదలయ్యేదాకా అమ్మాయిలకు ఈ ఎంపిక దాదాపు లేదు.

ఇక్కడే ఉంటే: ఖర్చు బూట్లకు, ప్రయాణాలకే. ఇంటర్ ఆగదు. జిల్లా, రాష్ట్ర జట్ల మీదుగా జూనియర్ నేషనల్స్‌కు వెళ్లొచ్చు. లోటల్లా గట్టి మ్యాచ్‌లదే.

క్లబ్బుకు వెళితే: రోజూ గట్టి పోటీ. లీగ్ మ్యాచ్‌లు యూట్యూబ్‌లో వస్తాయి కాబట్టి వేరే కోచ్‌లకు చూపడానికి వీడియో ఉంటుంది. నిజామాబాద్ సౌమ్య గుగులోత్ గోకులం కేరళకు ఆడి, 2022లో క్రొయేషియా క్లబ్ దినామో జాగ్రెబ్‌కు వెళ్లింది.

కానీ సీజన్ చిన్నది. 2024–25లో 8 జట్లు, ఒక్కోదానికి 14 మ్యాచ్‌లే. జనవరిలో మొదలై ఏప్రిల్‌కల్లా అయిపోయాయి. మిగతా నెలల జీతం, హాస్టల్ సంగతి కాగితం మీద ఉండాలి. మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోండి. ఈ గాయం అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఎక్కువ. మళ్లీ మైదానంలోకి రావడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది.

రాష్ట్ర జట్టులో ఇంకా చోటు రాకపోతే ఇక్కడే ఉంచండి. నేషనల్స్‌లో రాణించి, క్లబ్బే పిలిచి, చదువుకూ ఒప్పుకుంటే పంపండి.