నాలుగేళ్లు ఇండక్షన్, రెండున్నరేళ్లు మాగ్నెట్ మోటార్: తాడు కట్టి గుంజినంకనే తేడా తెలిసింది

నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు తోటల నుంచి సరుకు తోలే ఎలక్ట్రిక్ లోడ్ ఆటోలు నేను రెండు తోలిన. పాతదాంట్లో ఇండక్షన్ మోటార్, కొత్తదాంట్లో పర్మనెంట్ మాగ్నెట్ మోటార్. పాతది నాలుగేళ్లు తోలిన, కొత్తది రెండున్నరేళ్లుగా తోలుతున్న. ధర, బ్యాటరీ, లోడ్ లెక్కలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. దారిలో బండి ఆగిపోయి తాడు కట్టాల్సి వస్తే ఈ రెండు మోటార్లు ఎట్ల వేరుగా ఉంటయో చెప్తా. ఆ ఒక్క సంగతి నాకు ముందుగాల ఎవరూ చెప్పలే, 28 వేలు పోయినయి.

మొదటి ఏడాది కొత్త బండిని ఎంత మెచ్చుకున్ననో మా అడ్డా మీద అందరికీ గుర్తే. ఛార్జింగ్ పాయింట్‌కు సబ్ మీటర్ పెట్టి చూస్తే పాతది నూరు కిలోమీటర్లకు 11 యూనిట్లు, కొత్తది తొమ్మిదిన్నర. ఇండక్షన్ మోటార్‌లో లోపల తిరిగే రోటర్‌కు సొంత అయస్కాంతం ఉండదు. చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్ ఇచ్చే అయస్కాంత ఫీల్డ్ వల్లనే రోటర్ కడ్డీల్లో కరెంట్ పుట్టాలె, అందులో కొంత వేడిగా పోతది. మాగ్నెట్ మోటార్‌లో ఫీల్డ్ ముందే తయారుగా ఉంటది. నిండు లోడుతో మెల్లగ కదిలి, ఆగి, మళ్ళీ కదిలే పనిలో ఈ తేడా బాగా కనపడ్డది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎత్తు ఎక్కుతుంటే పాతది వేడెక్కి తనంతట తనే పవర్ తగ్గించుకునేది, కొత్తది ఇప్పటిదాకా అట్ల చెయ్యలే.

పోయిన వానాకాలం తిప్పర్తి దాటి నల్లగొండ వైపు వస్తున్న. ఆగి మళ్ళీ కదిలేటప్పుడు బండి ముందుకూ వెనకకూ జర్కులు కొట్టింది, కింద ‘టక్’ మని, బ్యాటరీని కంట్రోలర్‌కు కలిపే స్విచ్ లాంటి కాంటాక్టర్ తెరుచుకుంది. అసలు జబ్బు చిన్నదే. రోటర్ ఏ కోణంలో ఉన్నదో చెప్పే సెన్సర్ కనెక్టర్‌లోకి నీళ్ళు పోయి పిన్నులకు చిలుము పట్టింది. మాగ్నెట్ మోటార్‌కు ఆ కోణం సరిగ్గా తెలవాలె. తప్పు తెలిస్తే కరెంట్ తప్పు చోట తోస్తది, అందుకే ఆ జర్కులు. కనెక్టర్ తుడిచి ఆరబెడితే తీరిపోయే పని అది. నాకేం తెలుసు? షోరూముకు ఫోన్ చేసిన. “న్యూట్రల్‌ల పెట్టి గుంజుకరా అన్నా, ఏం కాదు” అన్నడు.

మా బావ డీసీఎం తెచ్చిండు. తాడు కట్టినం. రోడ్డు ఖాళీగా ఉంది, వాలు వచ్చింది, నా మీటర్ మీద 60 దాటింది. ఇంకొంచెం పోయినంక సీటు కింద నుంచి కాలిన వాసన. ఆ వెంటనే ఎవరో వెనక బ్రేక్ తొక్కినట్టు బండి బిగుసుకుంది. తాడు తెగింది. దిగి ఇద్దరం కలిసి తోస్తే కదులుతది గానీ అడుగు అడుగుకూ ఆగి ఆగి, గుంతల్లో పడి లేచినట్టు. మా బావ “బేరింగ్ పోయింది బామ్మర్దీ” అన్నడు. నేనూ అదే అనుకున్న.

ఇక్కడ సంగతి అర్థం కావాలంటే సైకిల్ డైనమోను గుర్తు చేసుకోండి. లోపల మాగ్నెట్ ఉంటది, తిప్పితే చాలు కరెంట్ పుడతది. మా ఆటోలో మోటార్‌కూ చక్రాలకూ మధ్య గేర్లు ఎప్పుడూ కలిసే ఉంటయి. స్విచ్ మీద ఉన్న ‘N’, మోటార్‌కు కరెంట్ పంపే కంట్రోలర్‌కు పోయే సిగ్నల్ మాత్రమే, అది దేన్నీ విడదీయదు. చక్రం తిరిగితే మోటార్ తిరుగుతది, మోటార్ తిరిగితే కరెంట్ పుడతది, అది మూడు కేబుళ్ళ గుండా కంట్రోలర్‌లోకి పోతది. కాంటాక్టర్ కలిసి ఉంటే ఆ కరెంట్ బ్యాటరీ మింగేది. విడిపోయినప్పుడు అది పోయే దారి లేదు, వోల్టేజీ స్పీడుతో పాటు పెరుగుతనే ఉంటది.

ఎంత పెరుగుతదో తరువాత మెకానిక్ తమ్ముడితో కలిసి కొలిచిన. మూడు కేబుళ్ళు కంట్రోలర్ నుంచి విప్పి, రెండింటి మధ్య మీటర్ పెట్టి 10 స్పీడులో గుంజితే ఏసీ ఎనిమిదిన్నర వోల్టులు. దాని శిఖరం 12 వోల్టులు. ఆ లెక్కన 40కి 48, 60కి 72. మాది 48 వోల్టుల బండి, కంట్రోలర్ కెపాసిటర్లు తట్టుకునేది 63 వోల్టులే అని వాటి మీద రాసి ఉంది. విప్పి చూస్తే అవి ఉబ్బి ఉన్నయి, పక్కన పవర్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయినయి.

ఆ షార్ట్ వల్లనే బండి బిగుసుకుంది. మోటార్ తీగలు లోపల కలిసిపోతే పుట్టిన కరెంట్ అక్కడక్కడే తిరిగి మోటార్‌నే ఆపుతది. బేరింగా, కంట్రోలరా అని తేల్చేందుకు మూడు కేబుళ్ళు విప్పి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి తోసి చూడాలె. తేలికైతే తప్పు కంట్రోలర్‌ది. మాది అట్లనే తేలికైంది. విప్పినంక కూడా ఆగి ఆగి బిగుసుకుంటుంటే మోటార్ వైండింగ్ షార్ట్ అని అనుమానించాలె. ఆగకుండా ఒకే తీరు గరగరమంటే అప్పుడు బేరింగ్ వైపు చూడాలె.

పాత ఇండక్షన్ బండిని రెండుసార్లు ఇట్లనే ఇంటిదాకా గుంజుకొచ్చిన, ఏం కాలే. మన బోరు మోటార్ కూడా ఇండక్షనే కదా. స్టేటర్‌కు కరెంట్ ఇవ్వకపోతే ఫీల్డ్ లేదు, ఫీల్డ్ లేకపోతే రోటర్ ఉత్త ఇనుము, అల్యూమినియం. తిరిగినా వోల్టేజీ లెక్కలోకి రాదు. టెస్లా డ్యుయల్ మోటార్ మోడల్ 3లో వెనక మాగ్నెట్ మోటార్, ముందు ఇండక్షన్ పెట్టారు. ముందుదానికి పని లేనప్పుడు అది పెద్దగా అడ్డం పడకుండా ఊరికే తిరుగుతది.

వారంటీ ఇవ్వలేదు. వెనక చక్రాలు లేపి తీసుకురావాలె అని బుక్కులో ఉందన్నరు. తీసి చూస్తే నిజంగనే ఉంది. మరి ఫోన్‌లో చెప్పిన మనిషి ఆ మాట ఎందుకు చెప్పలే అన్న కోపం నాకు ఇంకా పోలే.

ఇప్పుడు నా పాత మెప్పును మళ్ళీ లెక్క కట్టాల్సి వచ్చింది. నెలకు 2 వేల కిలోమీటర్లు తోలితే మిగిలేది 30 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 240. కంట్రోలర్‌కు పోయిన ఆ 28 వేలు తిరిగి రావాలంటే తొమ్మిదేళ్లు దాటుతది. పైగా ఆ ఒకటిన్నర యూనిట్ల తేడా అంతా మోటార్‌దే అనలేను. కొత్త బండి బరువు తక్కువ, టైర్లు కొత్తవి. కానీ సీజన్‌లో సాయంత్రం ఆఖరి ట్రిప్పుకు కొత్త బండిలో ఛార్జ్ మిగులుతది, పాతదాంట్లో మిగలకపోయేది. ఆ ట్రిప్పు కిరాయి నాకు కరెంట్ బిల్లు కంటే పెద్దది.

అందుకే కొత్తది నేనే ఉంచుకున్న. నాది పట్టణం చుట్టూ తిరిగే పని, మెకానిక్ దగ్గరలోనే ఉంటడు. పాతది మా బావకిచ్చిన. ఆయన తిరిగేది దేవరకొండ దాటి, ఆగిపోతే దారిన పోయే ట్రాక్టరే దిక్కు.

నా సీటు కింద ఇప్పుడు స్పానర్, ఇన్సులేషన్ టేప్ ఉంటయి. మూడు కేబుళ్ళకు మూడు రంగుల గుర్తులు పెట్టిన, తారుమారుగా బిగిస్తే మళ్ళీ జర్కులే. చక్రాలు లేపే వీలు లేకపోతే బండి ఆఫ్ చేసి తాళంచెవి తీసేసి, కేబుళ్ళు విప్పి, ఒక్కొక్కదానికి విడిగా టేప్ చుట్టినంకనే తాడు. అప్పుడు కూడా 20 దాటనియ్య. కార్ల దగ్గర మాత్రం ఈ పని చెయ్యొద్దు. అక్కడ ఉండేది వందల వోల్టులు, దాన్ని ట్రక్కు మీద ఎక్కించే తేవాలె.