ఫైవ్‌ఎఫ్‌యూ కీమో: ఇంజెక్షనా, 46 గంటల పంపా? ఏది మేలు?

పెద్దపేగు క్యాన్సర్‌కి దశాబ్దాలుగా వాడుతున్న మందు ఫైవ్‌ఎఫ్‌యూ. దీన్ని నరంలోకి కొద్ది నిమిషాల్లో ఎక్కించవచ్చు. లేదా మందు ఎక్కించడానికి ఛాతీ చర్మం కింద అమర్చే పోర్ట్ అనే చిన్న పరికరం పెట్టి, చిన్న పంపుతో 46 గంటలపాటు మెల్లగా పంపవచ్చు. మందు ఒకటే అయినా బాధలు ఒకేలా ఉండవు.

కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏకి నకలు తీసుకుంటుంది. అందుకు కావలసిన ముడిసరుకును ఈ మందు అందకుండా చేస్తుంది. నకలు తీసే పనిలో ఉన్నది క్యాన్సర్ కణమా, మన కణమా అన్నది దానికి తెలియదు. నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకోసారి కొత్తగా తయారవుతుంది. పాత పొర అరిగిపోయి, కొత్తది రాకపోతే పుండు పడుతుంది. ఎముక మజ్జలోనూ ఇంతే: రక్తంలో ఉన్న కణాలు చావవు, కొత్తవి రావడం ఆగుతుంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలైన న్యూట్రోఫిల్స్ రక్తంలో ఉండేది ఒక రోజులోపే కాబట్టి ముందు అవే పడిపోతాయి. ఇంజెక్షన్ మొదలైన 9 నుంచి 14 రోజులకి బాగా అడుగంటుతాయి. ఎర్ర కణాలు 120 రోజులు బతుకుతాయి, కాబట్టి రక్తహీనత నెమ్మదిగా బయటపడుతుంది. జుట్టు కుదురు కూడా ఇలాగే దెబ్బతింటుంది. కాకపోతే ఈ మందుతో జుట్టు పలచబడుతుందే తప్ప, డాక్సోరుబిసిన్ అనే మరో కీమో మందుతో ఊడినట్టు మొత్తం ఊడడం అరుదు.

ఇంజెక్షన్‌తో మందు రక్తంలో ఒక్కసారిగా ఎగసి, 10–20 నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. ఆ ఉధృతిలో మందు, కణం ప్రొటీన్ల తయారీకి వాడుకునే ఆర్‌ఎన్‌ఏలోకి కూడా ఎక్కువగా చొరబడుతుంది. మజ్జకి ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. 1998లో వచ్చిన ఒక విశ్లేషణలో రక్తకణాలు తీవ్రంగా పడిపోయినవాళ్లు ఇంజెక్షన్‌తో 31 శాతం, పంపుతో 4 శాతమే. పంపుకీ ఖరీదు ఉంది: అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండడం 13 శాతం నుంచి 34కి పెరిగింది. పోర్ట్‌లో ఇన్ఫెక్షన్, రక్తం గడ్డ టెన్షన్ వేరే.

మందు మోతాదు ఒంటి ఉపరితల కొలతని బట్టి ఉంటుంది. 1.6 చదరపు మీటర్ల కొలత ఉన్న మనిషిని తీసుకుందాం. పాత ఇంజెక్షన్ పద్ధతిలో రోజుకి 680 మిల్లీగ్రాములు, వరుసగా 5 రోజులు, అంటే 3,400. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే పద్ధతిలో ముందు 640 ఇంజెక్షన్, తర్వాత పంపుతో 3,840. మొత్తం మందు ఎక్కువైనా మజ్జ తట్టుకుంటుంది. అందుకే నా ఓటు పంపుకే. అయినా కణాలు పడిపోతుంటే, చాలామంది డాక్టర్లు ఆ 640 ఇంజెక్షన్ తీసేసి పంపు మాత్రం కొనసాగిస్తారు. ఈ మాట మీ డాక్టర్‌ని తప్పక అడగండి.

ఇంజెక్షన్‌కి ఉన్న ఒక్క వెసులుబాటు ఐస్. ఎక్కించడానికి 5 నిమిషాల ముందు మొదలుపెట్టి అరగంట ఐస్ ముక్కలు నోట్లో ఉంచుకుంటే, నోటి రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువ చేరుతుంది, పుండ్లు తగ్గుతాయి. 46 గంటల పంపుకి ఈ ఉపాయం పనికిరాదు.

ఏ పద్ధతిలోనైనా జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసుకుని ఇంట్లో ఆగొద్దు. అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లి న్యూట్రోఫిల్స్ చూపించుకోవాలి.