ఒకే పుచ్చకాయ, మూడు ఇటాలియన్ పేర్లు: అనువాదంలో ఏది మేలు?

మిలాన్‌లో పుచ్చకాయను అంగూరియా అంటారు. నేపుల్స్‌లో మెల్లోనే అంటారు, స్పష్టత కావాలంటే ‘నీటి మెల్లోనే’ అని చేరుస్తారు. మధ్యలో రోమ్, ఫ్లోరెన్స్ వైపు మాట కొకోమెరో. చిక్కంతా మెల్లోనేతోనే. ఒక్క ‘ల’ తగ్గి మెలోనే అయితే, ప్రామాణిక ఇటాలియన్‌లో అది ఖర్బూజా.

ఇప్పుడు ఒక కథలో మిలాన్ ఆవిడ నేపుల్స్ బజారులో అంగూరియా అడిగిందనుకోండి. కొట్టతను “మెల్లోనేనా అమ్మా?” అంటాడు. ఆవిడ ఖర్బూజా అనుకుని వద్దంటుంది. దీన్ని తెలుగులోకి ఎలా తేవాలి?

మొదటి దారి, ఇద్దరి నోటా పుచ్చకాయ అనిపించడం. వంటల పుస్తకానికీ, హోటల్ మెనూకీ ఇంతకంటే అక్కర్లేదు. ఈ సంభాషణలో మాత్రం గొడవే మాయమై, ఆవిడ ఎందుకు వద్దందో పాఠకుడికి అర్థం కాదు.

రెండోది, ఆవిడకు పుచ్చకాయ, అతనికి తెలంగాణలో వినిపించే తర్బూజా ఇవ్వడం. తర్బూజా, ఖర్బూజా దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి తికమక భలే కుదురుతుంది. కానీ కొట్టతను నేపుల్స్ వదిలి హైదరాబాద్ వచ్చేసినట్టుంటుంది.

నేనైతే కథలో ఇటాలియన్ మాటలే ఉంచి, “మెల్లోనే అంటే ఆమె ఊళ్లో ఖర్బూజా” అని కథకుడి చేత ఒక్క వాక్యం చెప్పిస్తాను. అంగూరియా దగ్గర మాత్రం జాగ్రత్త: అంగూర్ అలవాటైనవాళ్లకు ద్రాక్షపళ్లు గుర్తొస్తాయి. అందుకే మొదటిసారి వచ్చినప్పుడే పక్కన కాయను కోయించి, ఎర్రటి గుజ్జు, నల్ల గింజలు చూపించాలి.